తొమ్మిది రోజుల వాంతులు: మూత్రం ఆమ్లమైతే ఒళ్లూ ఆమ్లమేనా?

ప్రశ్న: సర్, నేను పర్లాకిమిడి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరును. వారం పైగా వాంతులు అవుతున్న ఒకతను వచ్చాడు. మూత్రానికి పట్టీ పరీక్ష చేస్తే ఆమ్లం అని వచ్చింది. ఒంట్లో ఆమ్లం పెరిగిందనుకుని సోడా బైకార్బొనేట్ ఎక్కించబోతే సీనియర్ సిస్టర్ ఆపారు. పొటాషియం కూడా బాగా తక్కువగా ఉంది. అది వాంతిలో పోయిందనుకోవాలా? ఏ సెలైన్, ఎంత ఇవ్వాలి? ఒక కేసు తీసుకుని వివరంగా చెప్పగలరా?

జవాబు:

ముందు ఆ సిస్టర్‌కు నా నమస్కారాలు చెప్పండి. ఆ మందు ఎక్కించి ఉంటే, అప్పటికే క్షారం నిండిపోయిన రక్తంలో మరింత క్షారం పోసినట్టయ్యేది. పొటాషియం ఇంకా పడిపోయి గుండె లయ తప్పేది. ఇదే తికమక నాకూ తొలి రోజుల్లో ఉండేది. దాన్ని తీర్చిన కేసునే మీకు చెబుతాను. రోగిని గుర్తుపట్టే వివరాలు మాత్రం మార్చాను.

గుణుపురం అవతల వంశధార ఒడ్డున ఉన్న పల్లె నుంచి 44 ఏళ్ల వ్యవసాయ కూలీని తీసుకొచ్చారు. నడుము నొప్పికని ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు మింగిన మనిషి. తొమ్మిది రోజులుగా రోజుకు మూడు నాలుగు వాంతులు, ఒక్కోసారి చెంబుడు. విరేచనాలు లేవు. అంతకుముందు చూపించుకున్న చోట రెండు గ్లూకోజ్ బాటిళ్లు ఎక్కించి పంపేశారు. ఆ రాత్రి నుంచే కాళ్లు లేవడం లేదని భార్య చెప్పింది. ఆ మాటను గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వాంతి ఎలా ఉందని అడిగితే చాలామంది డాక్టర్లు 'ఎన్నిసార్లు' దగ్గరే ఆగిపోతారు. నేను ఆమెను ఏమేం పడిందో చెప్పమన్నాను. "పొద్దున తాగిన చోడి అంబలి రాత్రికి పడుతుంది బాబూ, ముందు రోజు తిన్న మెతుకులు కూడా అలాగే వస్తాయి. పుల్లటి కంపు. పచ్చగా ఏమీ పడలేదు" అంది. రోగ నిర్ధారణ సగం ఆ మాటల్లోనే ఉంది. నిన్నటి తిండి ఇవాళ పడుతోందంటే జీర్ణాశయం ఖాళీ కావడం లేదు. పైత్యం రంగు లేదంటే అడ్డు పైత్యం వచ్చి కలిసే చోటుకు పైనే, అంటే జీర్ణాశయం చివరి ద్వారం దగ్గరే ఉంది. పొట్టను పట్టి మెల్లగా కుదిపితే, సగం నిండిన కుండను ఊపినట్టు నీళ్ల చప్పుడు వినిపించింది. తిని నాలుగు గంటలు దాటాక కూడా ఆ చప్పుడు వినిపిస్తే అనుమానం బలపడుతుంది.

ఇక అతని ఒంటి స్థితి. నాడి 124, రక్తపోటు 88/60. చర్మాన్ని రెండు వేళ్లతో లాగి వదిలితే ముడత అలాగే నిలబడిపోయింది. నెల కిందట 54 కిలోలు ఉన్నవాడు ఇప్పుడు 48 కిలోలు. ఆ ఆరు కిలోల్లో కొంత తిండి లేక కరిగిన కండ అనుకున్నా, నాలుగు లీటర్లకు తక్కువ కాకుండా ద్రవం పోయింది. శ్వాస నిమిషానికి పదకొండే, అది కూడా పైపైన. సిస్టర్ రక్తపోటు చూడటానికి కట్టిన పట్టీని కాసేపు బిగించి ఉంచితే అతని వేళ్లు వాటంతట అవే ముడుచుకుని, బొటనవేలు అరచేతిలోకి మడిచింది. ఫలితాలు రాకముందే క్షారత ఉందని చెప్పే గుర్తు అది. రక్తం క్షారంగా మారినప్పుడు కాల్షియం ఎక్కువగా ప్రోటీన్‌కు అతుక్కుపోతుంది. స్వేచ్ఛగా తిరిగే కాల్షియం తగ్గి నరాలు చిన్న కదలికకే రెచ్చిపోతాయి.

మా ల్యాబ్‌లో ఆ రోజు దొరికినవి ఇవి: సోడియం 131, పొటాషియం 2.3, క్లోరైడ్ 74, యూరియా 96, క్రియాటినిన్ 2.1. రక్తంలో వాయువులు కొలిచే యంత్రం మా దగ్గర లేదు. మీ దగ్గరా ఉండకపోవచ్చు. అయినా ఆగనక్కర లేదు. సోడియంలోంచి క్లోరైడ్‌ను తీసివేయండి. ఆరోగ్యవంతుల్లో ఆ తేడా సుమారు 36 ఉంటుంది. అందులో 24 వరకు బైకార్బొనేట్, మిగిలిన పన్నెండూ కొలవని ఇతర రుణ అయాన్లు. ఇక్కడ 131 లోంచి 74 పోతే 57. అంటే ఆ జాగాను మరేదో ఆక్రమించింది. అది బైకార్బొనేట్ కావచ్చు, లేదా కీటోన్లూ లాక్టేట్‌లూ కావచ్చు. పొటాషియం ఇంత తక్కువగా, శ్వాస ఇంత మందంగా ఉన్న మనిషిలో అది బైకార్బొనేట్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఆమ్లం పేరుకుపోయి ఉంటే అతను రొప్పుతూ ఉండేవాడు.

ధమని నుంచి తీసిన రక్తాన్ని ఐసులో పెట్టి, ఊళ్లోనే యంత్రం ఉన్న మరో ఆసుపత్రికి మోటారు సైకిల్ మీద పంపాం. పీహెచ్ 7.56, బైకార్బొనేట్ 44, కార్బన్ డయాక్సైడ్ పీడనం 51 అని వచ్చింది. ఇప్పుడు మొదటి లెక్క సరిచూడండి: 131 లోంచి 74, 44 తీసేస్తే మిగిలింది 13. మామూలే. అంటే పెద్ద మొత్తంలో కీటోన్లు గానీ లాక్టేట్ గానీ దాక్కుని లేవు. ఇది అచ్చంగా మెటబాలిక్ ఆల్కలోసిస్, మరోటి కలవలేదు. శ్వాస సరిగా సర్దుకుందా అన్నది కూడా చూడాలి. బైకార్బొనేట్‌ను 0.7తో గుణించి 20 కలిపితే రావలసిన పీడనం వస్తుంది: 44 × 0.7 = 30.8, దానికి 20 కలిపితే సుమారు 51. కొలిచిందీ అదే. అంటే అతను నెమ్మదిగా ఊపిరి పీల్చడం మెదడు మందగించి కాదు, ఒళ్లు కార్బన్ డయాక్సైడ్‌ను దాచుకుని క్షారాన్ని తనకు చేతనైనంత సరిదిద్దుకుంటోంది. కంగారుపడి గట్టిగా ఊపిరి పీల్చమని చెబితే ఆ సర్దుబాటును మనమే చెడగొట్టిన వాళ్లమవుతాం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జీర్ణాశయ కణాలు ఒక హైడ్రోజన్ అయాన్‌ను రసంలోకి వదిలిన ప్రతిసారీ ఒక బైకార్బొనేట్‌ను రక్తంలోకి వదులుతాయి. మామూలు రోజున ఆ ఆమ్లం చిన్నపేగులోకి దిగుతుంది, దాన్ని విరచడానికి క్లోమం అంతే బైకార్బొనేట్‌ను పేగులోకి పంపుతుంది. లెక్క సరిపోతుంది. ద్వారం మూసుకుపోయినవాడిలో ఆమ్లం కిందికి దిగదు, నోట్లోంచి పోతుంది. క్లోమానికి కబురే అందదు. బైకార్బొనేట్ రక్తంలోనే మిగిలిపోతుంది.

కానీ ఇక్కడే అసలు ప్రశ్న వేసుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండం అదనంగా వచ్చిన బైకార్బొనేట్‌ను ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పారబోయగలదు. మరి తొమ్మిది రోజులైనా ఇతనిలో ఎందుకు పేరుకుపోయింది? క్షారతను మొదలుపెట్టింది జీర్ణాశయమే అయినా, దాన్ని నిలబెట్టి ఉంచింది మూత్రపిండం. మీకు పట్టీ పరీక్షలో కనిపించిన వింతకు కారణం ఇందులోనే ఉంది.

మొదటి ఒకటి రెండు రోజులు మూత్రపిండం తన పని తాను చేసింది. బైకార్బొనేట్‌ను బయటికి తోసింది. అది ఒంటరిగా పోలేదు, వెంట సోడియంనూ పొటాషియంనూ తీసుకుపోయింది. ఆ రోజుల్లో పట్టీ ముంచి ఉంటే మూత్రం క్షారంగానే కనిపించేది. తర్వాత ద్రవం మరీ తగ్గిపోవడంతో అల్డోస్టిరాన్ పెరిగింది. ఇక ఒక్క చుక్క సోడియం కూడా వదలకూడదని ఒంటికి ఆజ్ఞ అందింది. సోడియంను వెనక్కి తీసుకోవాలంటే దాని వెంట ఒక రుణ అయాన్ రావాలి, లేదా బదులుగా ఒక ధన అయాన్ బయటికి పోవాలి. వెంట రావలసిన క్లోరైడ్ వాంతుల్లో పోయింది. కాబట్టి బదులుగా పొటాషియం పోయింది. పొటాషియం కూడా అడుగంటాక ఇక హైడ్రోజన్ పోవడం మొదలైంది. దాంతో ఒళ్లంతా క్షారంతో నిండి ఉన్నా మూత్రం మాత్రం ఆమ్లమైంది. అంతే కాదు, మూత్రనాళికల చివర బైకార్బొనేట్‌ను బయటికి వదిలే కణాలు బదులుగా క్లోరైడ్‌ను లోపలికి తీసుకుంటేనే ఆ పని చేయగలవు. నాళికలో క్లోరైడే లేకపోతే ఆ తలుపు తెరుచుకోదు. మూత్రపిండం ద్రవాన్ని కాపాడుకోవడానికి ఆమ్ల క్షార సమతుల్యాన్ని బలిపెట్టింది. ప్రాణానికి రెంటిలో ఏది ముఖ్యమో దానికి తెలుసు.

ఇతని పట్టీ కూడా పీహెచ్ 5 దగ్గరే రంగు మారింది, మీ రోగిలాగే. కానీ సెలైన్ ఎక్కించకముందు తీసిన మూత్రంలో క్లోరైడ్ 8 మాత్రమే ఉంది. 20 కన్నా తక్కువగా ఉంటే క్లోరైడ్ ఇస్తే తీరే క్షారత అని అర్థం. మూత్రాన్ని పెంచే మందులు వాడుతున్న మనిషిలో, లేదా అల్డోస్టిరాన్ దానంతట అదే పెరిగిన జబ్బులో ఆ అంకె ఎక్కువగా వస్తుంది. వీళ్లలో అల్డోస్టిరాన్ జబ్బు ఉన్నవాళ్లు సెలైన్‌కు లొంగరు.

పొటాషియం సంగతి లెక్క వేసి చూద్దాం. జీర్ణాశయ రసంలో లీటరుకు సుమారు 10 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. రోజుకు లీటరున్నర చొప్పున తొమ్మిది రోజులకు పదమూడున్నర లీటర్లు అనుకున్నా పోయేది 135. రక్తంలో 2.3 ఉన్న మనిషికి ఒంట్లో లోటు 300 నుంచి 400 వరకు ఉండవచ్చు. మిగతాది ఎటు పోయింది? కొంత తినకపోవడం వల్ల రాలేదు, ఎక్కువ భాగం మూత్రంలో పోయింది. అందుకే వాంతులు ఆపినంత మాత్రాన పొటాషియం లోటు ఆగదు. ద్రవమూ క్లోరైడూ నిండే దాకా మూత్రపిండం దాన్ని వదులుతూనే ఉంటుంది.

సోడియం కొంచెం తగ్గడానికి కారణం ఆ ఇంటి వంటగదిలో దొరికింది. "దాహం అంటున్నాడని తరవాణి పోశాను, అది ఉండకపోతే నీళ్లు పోశాను" అంది భార్య. ఉప్పు పోయిన చోట ఉప్పు తక్కువైన నీళ్లు చేరాయి. ద్రవం తగ్గిన ఒళ్లు ఆ నీటిని వదలకుండా పట్టుకుంది.

గ్లూకోజ్ బాటిళ్ల సంగతి ఇప్పుడు చూడండి. వాటిలో క్లోరైడ్ లేదు, సోడియం లేదు. పైగా గ్లూకోజ్ వల్ల పెరిగిన ఇన్సులిన్, ఉన్న కాస్త పొటాషియంను కూడా కణాల్లోకి తోసేసింది. ఆ రాత్రి కాళ్లు లేవకపోవడానికి కారణం అదే. ఈసీజీలో టీ తరంగాలు చదునై, వాటి వెనక చిన్న యూ తరంగాలు కనిపించాయి. మనిషి బలహీనంగా ఉన్నాడని బంధువులు గ్లూకోజ్ ఎక్కించమని ఒత్తిడి చేస్తారు. వాళ్లకు నచ్చజెప్పే ఓపిక మనకుండాలి.

రింగర్ లాక్టేట్ విరేచనాల్లో మంచి మందు, ఎందుకంటే అక్కడ క్షారం పోతుంది. ఇక్కడ అది సరైన ఎంపిక కాదు. దానిలోని లాక్టేట్ కాలేయంలో బైకార్బొనేట్‌గా మారుతుంది. క్లోరైడ్ కూడా లీటరుకు 109 మాత్రమే. నార్మల్ సెలైన్‌లో 154 ఉంటుంది. ఈ మనిషికి కావలసింది ఆ అదనపు క్లోరైడే. అందుకే ఇక్కడ నార్మల్ సెలైన్ ఒక్కటే ద్రవాన్నీ నింపుతుంది, మందుగానూ పని చేస్తుంది.

మొదటి గంటలో ఒక లీటరు నార్మల్ సెలైన్ ఇచ్చాం. మూత్రానికి గొట్టం వేసి గంటగంటకూ కొలిచాం. క్రియాటినిన్ 2.1 ఉందని పొటాషియం ఇవ్వడానికి వెనకాడతాం, నిజమే. కానీ ఇక్కడ మూత్రపిండం చెడిపోలేదు, దానికి రక్తం అందలేదు. యూరియా అంతగా పెరిగి, మూత్రం చిక్కబడి ఉండటం ఆ మాటే చెబుతోంది. లీటరు ఎక్కాక గంటలో 30 మిల్లీలీటర్ల మూత్రం వచ్చింది. ఆ మనిషి బరువుకు గంటకు 25 చాలు. అప్పుడు పొటాషియం క్లోరైడ్ మొదలుపెట్టాం. పది మిల్లీలీటర్ల ఆంపూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. లీటరు సెలైన్‌కు రెండు ఆంపూళ్లు కలిపి, నాలుగు గంటల్లో ఎక్కేలా, అంటే గంటకు పది చొప్పున ఇచ్చాం. ఈసీజీ మానిటర్ లేని చోట ఇంతకన్నా వేగం వద్దు. దీన్ని సిరంజితో నేరుగా నరంలోకి ఎప్పుడూ తోయకూడదు, గుండె ఆగిపోతుంది.

చేతిపని ఒకటి చెబుతాను. వేలాడుతున్న బాటిల్‌లోకి ఆంపూల్ ఎక్కించి అలాగే వదిలేస్తే, బరువైన ఆ ద్రావణం కిందికి దిగి మొదటి పది నిమిషాల్లో గట్టి మోతాదుగా వెళ్లిపోతుంది. బాటిల్‌ను దించి, మందు కలిపి, కనీసం పదిసార్లు తలకిందులు చేసి, అప్పుడు మళ్లీ తగిలించండి. మా వార్డులో ఇది తప్పకుండా చేయాలన్నది నియమం. ఒక మనిషికి గుండె లయ తప్పడం కళ్లారా చూశాకే ఆ నియమం పెట్టుకున్నాం.

లావుపాటి రైల్స్ ట్యూబు వేయగానే లీటరు ఎనిమిది వందల పుల్లటి నీళ్లు, అంబలి, మెతుకులు వచ్చాయి. ఆ తర్వాత ట్యూబులోంచి వచ్చే ప్రతి మిల్లీలీటరునూ చార్టులో రాసి, అంతే సెలైన్‌ను లెక్కలో కలిపాం. ఆమ్లం తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చాం. పోయే రసంలో ఆమ్లం తగ్గితే తిరిగి పుట్టే క్షారం కూడా తగ్గుతుంది. మెగ్నీషియం తక్కువగా ఉంటే పొటాషియం ఎంత పోసినా నిలవదు, కాబట్టి దాన్నీ సరిచేశాం. తొమ్మిది రోజులు తిండి లేనివాడికి గ్లూకోజ్ అవసరమయ్యే రోజు వచ్చినప్పుడు ముందుగా థయామిన్ ఇచ్చాం.

ఇరవై నాలుగు గంటలకు సుమారు ఐదున్నర లీటర్ల సెలైన్, 180 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం లోపలికి వెళ్లాయి. సోడియం 135, పొటాషియం 2.9, క్లోరైడ్ 88, బైకార్బొనేట్ 35 అయ్యాయి. వేళ్ల ముడత పోయింది. ఇంత ఇచ్చినా పొటాషియం ఇంకా మూడు దాటలేదేమని సిస్టర్ అడిగారు. ఎక్కించిన దానిలో చాలా భాగం ఖాళీగా ఉన్న కణాల్లోకే పోతుంది. రక్తంలోని అంకె ఆ తర్వాతే పైకి లేస్తుంది. ఆరు గంటలకోసారి కొలుస్తూ, ఓపికగా కొనసాగించాలి.

రెండో రోజు సాయంత్రం నేను ఎదురుచూస్తున్న మార్పు వచ్చింది. పట్టీ ముంచితే ఆమ్లపు నారింజ రంగు పోయి ఆకుపచ్చ నీలంగా మారింది. పీహెచ్ 8 దగ్గర. కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్ మూత్రం క్షారమైందని బెదిరిపోయి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నాకేమో సంతోషం. క్లోరైడ్ అందింది, తలుపు తెరుచుకుంది, మూత్రపిండం ఇన్నాళ్లూ దాచుకున్న బైకార్బొనేట్‌ను పారబోస్తోంది. నలభై ఎనిమిది గంటలకు పొటాషియం 3.6, క్లోరైడ్ 99, బైకార్బొనేట్ 28, క్రియాటినిన్ 1.1.

అప్పుడే అతన్ని విశాఖపట్నం పంపాం, అంతకుముందు కాదు. మత్తు డాక్టరు ట్యూబు వేసి ఊపిరి వేగం పెంచితే కార్బన్ డయాక్సైడ్ దిగిపోయి పీహెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. పొటాషియం తక్కువగా ఉన్న గుండె దాన్ని తట్టుకోలేదు. అడ్డు తొలగించే ఆపరేషన్ రెండు రోజులు ఆగవచ్చు, ఈ దిద్దుబాటు మాత్రం ఆగకూడదు. అక్కడ ఎండోస్కోపీలో పాత పుండు మానిన మచ్చ వల్ల ద్వారం ముడుచుకుపోయిందని తేలింది. క్యాన్సర్ కాదని ముక్క పరీక్షలో రూఢి చేసుకున్నాకే ఆపరేషన్ చేశారు.

వాంతులన్నీ ఇలాగే ఉంటాయనుకోకండి. పచ్చటి పైత్యంతో పడుతుంటే అడ్డు ఇంకా కింద ఉంది. అప్పుడు క్లోమం రసం కూడా పోతుంది, క్షారత రాకపోవచ్చు, ఆమ్లతే రావచ్చు. షుగర్ ఉన్న మనిషి కీటోన్లతో వాంతులు చేసుకుంటుంటే ఆమ్లతా క్షారతా ఒకదాన్నొకటి కప్పేసి పీహెచ్ మామూలుగా కనిపిస్తుంది. సోడియంలోంచి క్లోరైడ్, బైకార్బొనేట్ తీసేసిన ఆ అంకె పన్నెండు దాటి బాగా పెరిగితేనే దొంగ దొరుకుతాడు. అందుకే ఆ తీసివేత ఎప్పుడూ మానవద్దు.

మీ రోగి ఇంకా అక్కడే ఉంటే, ముందు సోడియంలోంచి క్లోరైడ్ తీసేసి చూడండి. తర్వాత ఈసీజీ. మరో మనిషి వచ్చినప్పుడు మాత్రం మొదటి సెలైన్ బాటిల్ తగిలించకముందే కాస్త మూత్రం పట్టి క్లోరైడ్‌కు పంపండి. సెలైన్ ఎక్కాక ఆ అంకె మారిపోతుంది.